వాస్తవం చెరగకుండా నిరీక్షణ వినిపించాలంటే

ఉద్దానం తీరంలోని సంఘాలకు అక్టోబరు 11 మామూలు తేదీ కాదు. 2018లో ఆ రోజు తెల్లవారుజామున నాలుగున్నర, ఐదున్నర మధ్య తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచింది. కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. కొబ్బరి పిలక నాటితే కాపు చూడటానికి ఆరేడేళ్లు పడుతుంది. కాబట్టి ఆ ఒక్క తెల్లవారుజాము నష్టం ఏళ్ల తరబడి కుటుంబాల వెంట వచ్చింది.

బారువ వంటి ఒక ఊళ్లోని సంఘం ఆ రోజు గుర్తుగా కృతజ్ఞతా ఆరాధన పెట్టుకుందనుకుందాం. ఆరాధన మధ్యలో ఒక కుటుంబ సాక్ష్యాన్ని చిన్న వీడియోగా చూపించాలని యౌవనస్థులు స్క్రిప్టు రాశారు. చదివిన పెద్దలు, "ఉన్నదే రాశారు గానీ వింటే గుండె జారిపోతోంది. కాస్త నిరీక్షణ కలిగేలా మార్చండి" అన్నారు. అలా మార్చమన్నప్పుడు చాలామంది చేసేది ఒకటే. బాధ ఉన్న వాక్యాలు కొట్టేసి, చివర "దేవుడు సమస్తమూ సమకూర్చాడు" అని ఒక వాక్యం చేరుస్తారు. అప్పుడు అది సాక్ష్యంగా నిలవదు. ఆ కుటుంబం వెనక బల్ల మీద కూర్చుని తమది కాని కథ వింటుంది. ఒక్క వాస్తవం కూడా తీయకుండా, కలపకుండా స్వరాన్ని ఎలా మార్చవచ్చో ఒక మచ్చు స్క్రిప్టు పట్టుకుని చూద్దాం. ఇందులోని కుటుంబం మేము ఉదాహరణకు ఊహించుకున్నదే.

మొదట రాసినది ఇది:

"2018 అక్టోబరు 11న తిత్లీ మా బతుకులను తుడిచిపెట్టేసింది. మాకు 60 కొబ్బరి చెట్లు ఉండేవి. 8 మాత్రమే మిగిలాయి. ఇంటి రేకులు ఎగిరిపోయాయి. 10 రోజులు కరెంటు లేదు. ఆ 10 రోజులూ చర్చిలో వండిన అన్నం తిన్నాం, కానీ ఎన్నాళ్లని ఒకరి చేతి మీద బతుకుతాం? 2019లో 50 మొక్కలు నాటాం, కానీ 20 మాత్రమే కాశాయి. అప్పు తీరలేదు. అమ్మకు కిడ్నీలు పాడయ్యాయి, వారానికి 2 సార్లు డయాలసిస్‌కు వెళ్లాలి. ఉద్దానం ఇక ఎప్పటికీ కోలుకోదు."

కలం పట్టుకునే ముందు ఒక కాగితం మీద ఇందులోని వాస్తవాలను వరుసగా రాసుకోవాలి. తేదీ, 60 చెట్లు, మిగిలిన 8, ఎగిరిన రేకులు, కరెంటు లేని 10 రోజులు, చర్చి అన్నం, నాటిన 50, కాసిన 20, తీరని అప్పు, అమ్మ డయాలసిస్. మొత్తం 10. ఈ జాబితాలో చోటు దొరకని మాటలు మూడు ఉన్నాయి. "బతుకులను తుడిచిపెట్టేసింది" అన్నది ఒక తీర్పు. బతుకు తుడిచిపెట్టుకుపోతే ఈ మాట చెప్పడానికి మనిషే ఉండడు. "ఎన్నాళ్లని బతుకుతాం" అన్నది ప్రశ్న రూపంలో వచ్చిన నిట్టూర్పు. "ఎప్పటికీ కోలుకోదు" అన్నది జరగబోయేదాని గురించిన జోస్యం. ఈ మూడింటినీ తీసేస్తే వాస్తవం ఒక్కటి కూడా తగ్గదు. విచారం చాలావరకు ఈ మూడింటిలోనే ఉంది. అయితే అదే కొలత మనకూ వర్తిస్తుంది. "త్వరలో అంతా బాగవుతుంది" అన్నదీ జోస్యమే. దాన్ని చేర్చే హక్కు మనకు లేదు.

తరువాత చూడవలసినవి చిన్న మాటలు. తెలుగులో స్వరం చాలాసార్లు "కానీ", "మాత్రమే" లాంటి మాటల్లో దాగి ఉంటుంది. "కానీ" తరువాత ఏది వస్తే వినేవారి మనసులో అదే నిలుస్తుంది. "8 చెట్లు నిలిచాయి, కానీ 52 పడిపోయాయి" అంటే పడినవి మిగులుతాయి. "52 పడిపోయాయి, కానీ 8 నిలిచాయి" అంటే నిలిచినవి మిగులుతాయి. లెక్క రెండింటిలోనూ ఒక్కటే. అలాగే "8 మాత్రమే మిగిలాయి" అన్నదాన్ని "8 నిలిచాయి" అంటే సంఖ్య మారదు, పెదవి విరుపు పోతుంది. కానీ ఇక్కడొక హెచ్చరిక. "8 నిలిచాయి" అని రాసినప్పుడు 52 పడ్డాయన్న మాట పక్కనే ఉండాలి. ఆ మాట తీసేస్తే మారేది స్వరం కాదు, వాస్తవమే.

ఇక వరుస. మొదటి స్క్రిప్టులోని వాస్తవాలు తుఫానుతో మొదలై జబ్బుతో ముగుస్తాయి. వినేవారు ఆ చివరి మాటనే ఇంటికి తీసుకువెళ్తారు. అందుకని చివర ఏ వాస్తవం పెట్టాలన్నది ముందే తేల్చుకోవాలి. పైన చెప్పిన జాబితాలో నేటికీ జరుగుతున్నవి మూడు: అప్పు, డయాలసిస్, కాపు. ఈ మూడింటిలో కాపును చివరికి తెస్తే చాలు. అయితే వరుస మార్చినప్పుడు కాలం తారుమారు కాకుండా చూసుకోవాలి. అప్పు మాటను తుఫాను పక్కకు జరిపితే, అది తుఫానుకు ముందు చేసిన అప్పేమో అనిపించవచ్చు. "ఈ రోజుకీ" అన్న ఒక్క మాట ఆ ప్రమాదాన్ని తప్పిస్తుంది.

ఇలా సరిచేస్తే స్క్రిప్టు ఈ రూపానికి వస్తుంది:

"2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చింది. మా ఇంటి రేకులు ఎగిరిపోయాయి. మాకున్న 60 కొబ్బరి చెట్లలో 52 పడిపోయాయి, 8 నిలిచాయి. 10 రోజులు కరెంటు లేదు. ఆ 10 రోజులూ చర్చిలో వండిన అన్నం తిన్నాం. 2019లో 50 మొక్కలు నాటాం. ఈ రోజుకీ అప్పు తీరలేదు. అమ్మకు కిడ్నీలు పాడయ్యాయి, వారానికి 2 సార్లు డయాలసిస్‌కు వెళ్లాలి. మేము నాటిన 50లో 20 చెట్లు కాశాయి."

ఇప్పుడు జాబితా ముందు పెట్టుకుని ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకుంటూ రావాలి. 10కి 10 ఉన్నాయి. కొత్తగా చేరింది ఏదీ లేదు. "దేవుడు" అన్న మాట కూడా మేము చేర్చలేదు. ఆ మాట ఆ కుటుంబం నోట వస్తే రాయాలి, రాకపోతే ఆరాధన నడిపించే కాపరి తన ప్రార్థనలో చెప్పుకోవచ్చు.

ఈ పనిలో జారిపడే చోట్లు కొన్ని ఉన్నాయి. వాటిని పట్టుకోవడం మొదట్లో కష్టమే, ఎందుకంటే అవి మంచి ఉద్దేశంతో వస్తాయి. "అప్పు తీరలేదు" అన్నదాన్ని "అప్పు తీరుస్తున్నాం" అని మార్చాలనిపిస్తుంది. అప్పుడు వాయిదాలు కడుతున్నారన్న కొత్త వాస్తవం చేరిపోతుంది. "డయాలసిస్‌కు వెళ్లాలి" అన్నదాన్ని "వెళ్తోంది" అంటే, ఒక్క వారమూ తప్పకుండా వెళ్తోందని చెప్పినట్టవుతుంది. డబ్బు లేకో, బండి దొరకకో కొన్ని వారాలు తప్పుతున్నాయేమో మనకు తెలియదు. మిగతా 30 మొక్కల గురించి "ఇంకా కాపుకు రాలేదు" అని రాయాలనిపిస్తుంది. "ఇంకా" అన్న మాటలో రేపు వస్తుందన్న వాగ్దానం ఉంది. ఆ 30లో కొన్ని ఎండిపోయి ఉంటే అది అబద్ధం. ఇలాంటి చోట చేయవలసింది ఒక్కటే, ఆ ఇంటికి ఫోను చేసి అడగడం. అడిగి తెలుసుకున్నది రాస్తే అది జాబితాలో పదకొండవ వాస్తవం అవుతుంది, దాన్ని అలాగే లెక్కలో చూపాలి.

ఇంకొక చోట మరింత జాగ్రత్త కావాలి. చివరి రెండు వాక్యాల మధ్య "కానీ" పెడితే బాగుంటుందనిపిస్తుంది. "అమ్మ డయాలసిస్‌కు వెళ్లాలి, కానీ చెట్లు కాశాయి" అని ఒకసారి పైకి చదివి చూడండి. అమ్మ జబ్బునూ కొబ్బరికాయలనూ ఒకే తక్కెడలో పెట్టినట్టుంటుంది. ఆ రెండు వాక్యాలను విడివిడిగా నిలబెట్టి, మధ్యలో కాస్త మౌనం ఉంచాలి. ఉద్దానంలో ఇంత మందికి కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో పరిశోధకులు ఇంకా ఖచ్చితంగా తేల్చలేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఆ మాట నిజమే, చెప్పవచ్చు. కానీ అది ఆ అమ్మ స్వస్థతకు బదులు కాదు.

మాటలు సరిచేశాక బొమ్మ, సంగీతం చూసుకోవాలి. "8 నిలిచాయి" అన్న మాట వినిపించేటప్పుడు తెర మీద కూలిన చెట్టు కనిపిస్తే స్క్రిప్టు మార్చిన ఫలితం పోతుంది. మొదటి నుంచి చివరి దాకా ఏడుపు వయొలిన్ నడిపినా అంతే. మరో ఊరి ఫొటోను ఈ కుటుంబం తోటగా చూపిస్తే, మాటల్లో కాపాడిన వాస్తవాన్ని బొమ్మలో పోగొట్టుకున్నట్టే.

ఈ పద్ధతికి మన గ్రంథంలోనే మాదిరి ఉంది. విలాపవాక్యములు మూడో అధ్యాయం 66 వచనాలు. 21వ వచనం దగ్గర స్వరం తిరుగుతుంది. యెరూషలేము అప్పటికీ కూలిపోయే ఉంది, ఆకలి అలాగే ఉంది. మాట్లాడేవాడు దేనిని తలపుకు తెచ్చుకుంటున్నాడో అదొక్కటే మారింది. నాలుగో అధ్యాయంలో ఆకలి గురించిన మాటలు మళ్లీ వస్తాయి, వాటిని ఎవరూ కొట్టేయలేదు. మరోవైపు 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది. దానికి వెలుగు వాక్యం ఒకటి తగిలించాలని ఎవరికీ అనిపించలేదు, అది అలాగే మన చేతికి వచ్చింది.

అందుకని చివరి మెట్టు ఆ కుటుంబమే. తెర మీదికి వెళ్లకముందు స్క్రిప్టును వాళ్ల ఇంట్లో పైకి చదివి వినిపించాలి. "ఇది మా కథే" అని వాళ్లంటే వాడుకోవచ్చు. "మేము ఇంకా ఇంత దూరం రాలేదు" అంటే, కాపు వాక్యాన్ని చివరి నుంచి తీసి దాని పాత చోట పెట్టేసి, ఆ సంవత్సరానికి దాన్ని విలాపంగానే చదవాలి.