గట్టు కింద డిష్‌వాషర్

డిష్‌వాషర్ కొనేవాళ్లు అందులో గిన్నెలెన్ని పడతాయని అడుగుతారు. బిగించడానికి వచ్చిన మనిషి మాత్రం ముందు సింకు కింద తలుపు తీసి చూస్తాడు. పేచీలన్నీ అక్కడే.

కూకట్‌పల్లిలో ఓ పాత అపార్ట్‌మెంటు, ఆఖరి అంతస్తు అనుకుందాం. సింకు పక్కన గ్రానైట్ గట్టు కింద యంత్రం పెట్టాలి. మామూలు సైజుకి 60 సెంటీమీటర్ల వెడల్పు, దాదాపు 82 ఎత్తు కావాలి. అంత ఖాళీ లేకపోతే గట్టు మీద పెట్టుకునే చిన్నదే గతి.

నీళ్ల కోసం కుళాయి యాంగిల్ కాక్ తీసేసి రెండు మూతుల కాక్ బిగిస్తారు. అది తేలికే. చూడాల్సింది ఒత్తిడి. నీటిమట్టం పది మీటర్లు పైన ఉంటే వచ్చే ఒత్తిడి సుమారు 1 బార్. ఆఖరి అంతస్తులో ట్యాంకు నీళ్లు కాక్‌కి నాలుగు మీటర్ల పైనే ఉంటాయనుకుంటే, 0.4 బార్ కూడా దక్కదు. కొన్ని యంత్రాలు 0.3తో సరిపెట్టుకుంటాయి, కొన్నిటికి 0.5 ఉండాలి. మాన్యువల్లో ఆ అంకె చూసుకున్నాకే డబ్బు కట్టడం మంచిది. చాలకపోతే నీళ్లు నిండక యంత్రం మధ్యలో ఆగిపోతుంది, చిన్న ప్రెషర్ పంపు పెట్టించాల్సి వస్తుంది.

మురికినీటి గొట్టం దగ్గర మన ప్లంబర్లకో అలవాటుంది: కొసను తిన్నగా నేల మీది జాలీలోకి వదిలేస్తారు. కొస యంత్రం అడుగుకన్నా కిందికి పోతే, పంపు ఆగాక కూడా నీళ్లు వాటంతటవే జారిపోతూ ఉంటాయి. యంత్రం నింపుతుంది, గొట్టం లాగేస్తుంది. వాష్ మొదలైన కాసేపటికే జాలీ దగ్గర శుభ్రమైన నీళ్లు కారుతుంటే సంగతి ఇదే. అందుకే కొస నేలకు కనీసం 40 సెంటీమీటర్ల పైన ఉండాలంటారు.

సింకు ట్రాప్‌కి కలిపితే ఇబ్బంది తిరగబడుతుంది. ట్రాప్ మూసుకుపోయినప్పుడు సింకు నీళ్లు యంత్రంలోకి వెనక్కి వస్తాయి. గొట్టాన్ని ముందు గట్టు అడుగుదాకా ఎత్తి, అక్కడ క్లిప్పుతో కట్టి, తర్వాత ట్రాప్‌కి దించితే ఆ వంపు అడ్డుపడుతుంది. కొత్త ట్రాప్ మూతి లోపల ప్లాస్టిక్ బిళ్ల ఉండొచ్చు. దాన్ని కోయడం మరిచిపోతే మొదటి రోజే నీళ్లు బయటికి పోవు. గట్టు మీది యంత్రం డ్రెయిన్‌కన్నా ఎత్తులో ఉంటుంది కనుక, నీళ్లు జారిపోకుండా ఆపే ఏర్పాటు లోపలే ఉందా అని అడిగి తీసుకోవాలి.

కరెంటుకి ఎర్తింగ్ ఉన్న 16 ఆంపియర్ల సాకెట్ వేరుగా ఉండాలి. నీళ్లు వేడిచేసేటప్పుడు యంత్రం 2000 వాట్లు లాగితే దాదాపు 9 ఆంపియర్లు. మిక్సీ ప్లగ్గు, ఎక్స్‌టెన్షన్ బాక్సు దానికి ఆగవు. సాకెట్ యంత్రం వెనకా వద్దు, పైపుల కిందా వద్దు. పక్క అరలో చెయ్యి అందేచోట ఉండాలి.

బిగించిన మనిషిని వెంటనే పంపించేయకండి. ఒక వాష్ పూర్తయ్యాక సింకు నిండా నీళ్లు పట్టి ఒక్కసారిగా వదలమనండి, యంత్రం తలుపు తీసి చూడండి. ఫిల్టర్ కింద కాసిని నీళ్లు ఎప్పుడూ ఉంటాయి. ఫిల్టర్ పైదాకా మురికినీళ్లు చేరితే గొట్టం వంపు కిందికి జారిందన్నమాట.