ఆఫర్ చేతికి రాగానే చదవాల్సిన రెండు పేరాలు

అపాయింట్‌మెంట్ లెటర్ రాగానే అందరి కళ్లూ జీతం అంకె మీదే పడతాయి. ప్రొబేషన్, నోటీసు పేరాలు గుర్తొచ్చేది ఉద్యోగం మారేటప్పుడే.

ప్రొబేషన్ అంటే పనితీరు చూసే గడువు. చాలాచోట్ల ఆరు నెలలు. ఈ కాలంలో ఇరువైపులా నోటీసు తక్కువగా, పదిహేను రోజులో నెలో ఉంటుంది. ఆరు నెలలు నిండితే పర్మనెంట్ అయిపోయినట్టేనని చాలామంది అనుకుంటారు. ‘రాతపూర్వకంగా ధ్రువీకరించే వరకు ప్రొబేషన్ కొనసాగుతుంది’ అన్న వాక్యం లెటర్‌లో ఉంటే మాత్రం గడువు దాటగానే హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టి కన్ఫర్మేషన్ లెటర్ అడగాలి.

కన్ఫర్మ్ అయ్యాక నోటీసు ఒక్కసారిగా 90 రోజులకు పెరగొచ్చు. అసలు చిక్కు అక్కడే. హైదరాబాద్‌లో ఒకమ్మాయి నెల జీతం 40,000, అందులో బేసిక్ 20,000 అనుకుందాం. కొత్త కంపెనీ 30 రోజుల్లో చేరమంది. మిగిలిన 60 రోజులకు డబ్బు కట్టి బయటపడాలంటే, లెటర్‌లో ‘బేసిక్’ అని ఉంటే 40,000 కట్టాలి, ‘గ్రాస్’ అని ఉంటే 80,000. ఒక్క మాటతో లెక్క రెట్టింపు!

డబ్బు కట్టడానికి సిద్ధపడినా, ‘కంపెనీ అంగీకరిస్తేనే’ అని రాసి ఉంటే ముందే వెళ్లడం వాళ్ల దయ. చెప్పాపెట్టకుండా మానేస్తే రిలీవింగ్ లెటర్ ఆగిపోవచ్చు, కొత్తచోట మొదట అడిగేది అదే. అందుకే రాజీనామా మెయిల్‌లోనే చివరి పనిదినం తేదీ రాసి, దానికి ఒప్పుకున్నట్టు జవాబు తెప్పించుకోవాలి.