అనుభవం లేని మొదటి రెజ్యూమె: ప్రాజెక్టునే ముందు పెట్టాలి

షామీర్‌పేట దాటి తుర్కపల్లి వైపు వెళ్తే జీనోమ్ వ్యాలీ వస్తుంది. టీకాలు, మందుల కంపెనీలు, పరిశోధన ల్యాబులు అక్కడే ఉన్నాయి. మేడ్చల్ చుట్టుపక్కల కాలేజీల్లో చదివి అక్కడ ట్రైనీ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టే మన పిల్లల్లో చాలామందికి లోపల చెప్పిపెట్టేవాళ్లు ఉండరు. వాళ్ల తరఫున మాట్లాడేది ఒక్క పేజీ రెజ్యూమె మాత్రమే.

ముందుగా అందులోంచి ఏం తీసేయాలో చూద్దాం. జిరాక్స్ షాపులో దొరికే పాత బయోడేటా నమూనాలో తండ్రి పేరు, ఆయన వృత్తి, కులం, మతం అన్నీ ఉంటాయి. ప్రైవేటు కంపెనీల్లో రిజర్వేషన్ లేదు కాబట్టి అక్కడ కులం రాయడం వల్ల వచ్చే హక్కు ఏమీ లేదు. వివక్ష మాత్రం ఉంది. సుఖదేవ్ థోరట్, పాల్ అట్టివెల్ సమాన అర్హతలతో, పేర్లు మాత్రం మార్చి ప్రైవేటు ఉద్యోగాలకు దరఖాస్తులు పంపి చూశారు. అగ్రకుల పేర్ల కంటే దళిత పేర్లకు పిలుపులు తక్కువగా వచ్చాయని 2007లో వెల్లడించారు. అందుకే ఆ గడులు తీసేయాలి. ప్రభుత్వ ఉద్యోగాల సంగతి వేరు. వాటి దరఖాస్తులో కులం గడి ఉంటుంది, అక్కడ తప్పక నింపాలి.

అలా ఖాళీ అయిన చోటు ప్రాజెక్టుకు ఇవ్వాలి. పేరు, ఫోన్, మెయిల్ తర్వాత ఏ ఉద్యోగం కోసమో ఒక్క వాక్యం. ఆ తర్వాత చదువు, ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్, చేతికి వచ్చిన ల్యాబ్ పనులు, ఈ వరుసలో రాయాలి.

ఉదాహరణకు, బీఎస్సీ మైక్రోబయాలజీ విద్యార్థిని ఒకరు క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగానికి రాస్తున్నారనుకుందాం. నలుగురు కలిసి చేసిన ప్రాజెక్టు గురించి "చెరువు నీటి నాణ్యతపై అధ్యయనం" అని రాస్తే చదివేవాళ్లకు ఏమీ తెలియదు. ఇలా రాయాలి: "6 నీటి నమూనాలను ఎంపీఎన్ పద్ధతిలో, ఒక్కోదానికి 15 ట్యూబులతో కోలిఫారమ్‌ల కోసం పరీక్షించాం. మెకాంకీ బ్రాత్ తయారీ, స్టెరిలైజేషన్, 48 గంటల వరకు రీడింగుల నమోదు నా పని." ఎన్ని, ఏ పద్ధతి, నా వంతు ఏది అన్న మూడూ ఇందులో ఉన్నాయి. కోర్సులో చదివిన సబ్జెక్టులన్నీ ఏకరువు పెట్టనక్కర్లేదు. ఈ ఉద్యోగానికి పనికొచ్చే మూడు నాలుగు చాలు.

ఇంటర్న్‌షిప్ కూడా ఇలాగే రాయాలి. వారం రోజులు చూసి వచ్చినదాన్ని "శిక్షణలో పరిశీలించాను" అనే చెప్పాలి, "చేశాను" అనకూడదు. డబ్బు కట్టి తెచ్చుకున్న సర్టిఫికెట్ ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే బయటపడుతుంది.

పంపే ముందు ప్రతి వాక్యానికీ "ఎందుకు?" అని ఒకరితో అడిగించుకోవాలి. "10 మిల్లీలీటర్ల నమూనా ట్యూబులో బ్రాత్ రెట్టింపు గాఢతతో ఎందుకు?" అంటే "సమాన పరిమాణంలో నీరు కలవగానే గాఢత సగానికి పడిపోతుంది కాబట్టి" అని చెప్పగలగాలి. జవాబు చెప్పలేని వాక్యం ఉంటే మళ్లీ చదువుకోవాలి, లేదంటే కొట్టేయాలి.