మేనేజరు మనసు చదవక్కర్లేదు

మాదాపూర్‌లో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీ అనుకుందాం. చేరి ఏడాదైన అమ్మాయికి రాత్రి పదిన్నరకు మేనేజరు వాట్సాప్ మెసేజ్: ‘ఇవాళ చీరలో చాలా బాగున్నావ్. శనివారం కాఫీకి వెళ్దామా? నీ అప్రైజల్ గురించీ మాట్లాడుకోవచ్చు.’ మర్నాడు మీటింగులో మాత్రం ముభావంగా ఉంటాడు. ‘ఆయన అందరితో అంతేలే’ అంటుంది ఒక స్నేహితురాలు. ‘నువ్వంటే ఇష్టమేమో’ అంటుంది ఇంకొకరు.

ఆయన ఉద్దేశం ఏమిటని తల బద్దలు కొట్టుకుంటే తేలేది కాదు. ఆమె రేటింగు, హైక్, సెలవు అన్నీ ఆయన చేతిలో ఉన్నాయి. తప్పుగా అర్థమైతే ‘సరదాకి అన్నాను’ అని ఆయన తప్పుకోగలడు. ‘వద్దు’ అన్నందుకు ఆమెకు ప్రాజెక్టే పోవచ్చు. ఆ భయంతో పెట్టిన నవ్వు ఎమోజీని ఒప్పుకోలుగా లెక్కేయకూడదు.

అందుకే కాఫీని, అప్రైజల్‌ని విడదీసి జవాబివ్వాలి: ‘శనివారం కుదరదు సర్. అప్రైజల్ గురించి సోమవారం ఆఫీసులో మాట్లాడదాం. క్యాలెండర్‌లో టైమ్ పెడుతున్నాను.’ ‘ఇంటికి చుట్టాలొస్తున్నారు’ లాంటి సాకు చెప్తే, ‘అయితే పై శనివారం’ అంటాడు. మళ్లీ అలాంటి మెసేజే వస్తే: ‘సర్, పని విషయాలే మాట్లాడుకుందాం. వ్యక్తిగత మెసేజ్‌లు నాకు ఇబ్బందిగా ఉన్నాయి.’

నిజంగా స్నేహంగా అడిగినవాడైతే అక్కడితో ఆగిపోతాడు. ఆగకపోయినా, ఉన్నట్టుండి పనిలో తప్పులు వెతకడం మొదలుపెట్టినా సంగతి తేలిపోయినట్టే. ఎదురుగా కూర్చుని చెప్పడానికి భయమేస్తే ఒంటరిగా వెళ్లి తేల్చుకోవాలని చూడొద్దు. అవతలివారు మెసేజ్‌లు డిలీట్ చేసేయగలరు కాబట్టి వెంటనే స్క్రీన్‌షాట్ తీసుకోవాలి. తేదీ, సమయం, అన్న మాట, పక్కన ఉన్నవాళ్లు ఎవరన్నది అదే రోజు రాసుకోవాలి. కంపెనీ రహస్య ఫైళ్లను మాత్రం సొంత మెయిల్‌కు పంపుకోకూడదు, అది ఎదురు తిరుగుతుంది.

పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం, లైంగిక ప్రవర్తనకు ముడిపెట్టి ఉద్యోగంలో మేలు చేస్తానని ఆశ చూపడాన్నీ, కీడు చేస్తానని బెదిరించడాన్నీ వేధింపుగానే చూస్తుంది. నోటితో అనక్కర్లేదు, సూచనప్రాయంగా తెలిపినా చాలు. పది మంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి సంస్థలో ఇంటర్నల్ కమిటీ ఉండాలి. అంతకన్నా చిన్న సంస్థైనా, ఫిర్యాదు యజమాని మీదే అయినా జిల్లాలోని లోకల్ కమిటీకి వెళ్లవచ్చు. విచారణ సాగుతుండగా ఆమె పనితీరు నివేదికను ఆ మేనేజరు రాయకుండా వేరొకరికి అప్పగించమని కమిటీ సిఫార్సు చేయగలదు, అందుకు ఆమె రాతపూర్వకంగా అడగాలి. రుజువు చేయలేకపోయినంత మాత్రాన ఫిర్యాదు అబద్ధం కిందికి రాదు.

ఈ చట్టం కింద ఫిర్యాదు చేసే హక్కు మహిళలదే. మగవాళ్లు కంపెనీ సొంత నిబంధనల ప్రకారం హెచ్‌ఆర్‌ను ఆశ్రయించాలి.

ఫిర్యాదుకు గడువు చివరి సంఘటన నుంచి మూడు నెలలు. తగిన కారణం ఉంటే కమిటీ మరో మూడు నెలలు పొడిగించగలదు. ఆయన ఉద్దేశం అర్థమయ్యేదాకా ఆగుదామనుకుంటే ఆ గడువు ఆగదు.