క్యారేజీ నెల చందా: మొదటి రెండు లైన్లలో ఏం ఉండాలి

ఇంట్లో వండి క్యారేజీలు పంపడం మొదలుపెట్టేవాళ్లు ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటో పెట్టి, కింద 'అమ్మ చేతి రుచి, ధరలకు మెసేజ్ చేయండి' అని రాస్తుంటారు. చూసేవాళ్లకు మొదటి రెండు లైన్లే కనిపిస్తాయి, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. రుచి సంగతి ఫొటో చెబుతుంది. మా వీధికి వస్తుందా, ఎంతవుతుంది అన్నవే ఆ లైన్లు చెప్పాలి.

హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఒకావిడ మధ్యాహ్న భోజనం మొదలుపెడుతున్నారనుకుందాం. వంట ఆవిడది, స్కూటర్ మీద ఇచ్చి రావడం వాళ్లాయనది. ఒక్కో గుమ్మానికి మూడు నిమిషాలు పట్టినా, 12 గంటలకు బయలుదేరితే పాతిక క్యారేజీలకు ఒంటిగంటా పావవుతుంది. అంతకు మించితే అన్నం చల్లారిపోతుంది. 'కూకట్‌పల్లి చుట్టుపక్కల' అని రాస్తే మూసాపేట నుంచీ ఫోన్లొస్తాయి. కాదనలేక ఒక్కటి ఒప్పుకున్నా మిగతా అందరికీ ఆలస్యమే. అందుకే ఎక్కడిదాకా వస్తారో గుర్తులతో రాయాలి, రాని చోటునూ చెప్పాలి.

ధర దగ్గర అసలు చిక్కు 'నెలకు' అన్న మాటతో వస్తుంది. నెలంటే 30 రోజులా, ఆదివారాలు తీసేసి 26 రోజులా? పండక్కి ఊరెళ్లిన అయిదు రోజుల డబ్బు తిరిగిస్తారా? మొదటి నెలాఖరున మాటామాటా పెరిగేది ఇక్కడే. రోజులకు బదులు భోజనాలు లెక్కగట్టి, వాటిని వాడుకోవడానికి గడువు పెడితే ఆ పేచీ ఉండదు. ఆవిడ ఇలా రాయొచ్చు:

*ప్రగతినగర్, నిజాంపేటలకు ఇంటి భోజనం. పూటకు 110 రూపాయల నుంచి, ఈ సోమవారం మొదలు.*

*అన్నం, పప్పు, కూర, చారు, పెరుగు. శాకాహారమే. ఆదివారం సెలవు.*

*రుచి చూడ్డానికి ఒక భోజనం: 120*
*6 భోజనాలు: 690 (10 రోజుల్లో వాడుకోవాలి)*
*24 భోజనాలు: 2,640 (40 రోజుల్లో వాడుకోవాలి)*
*డెలివరీ ఖర్చు ఇందులోనే.*

*ప్రగతినగర్ అంతా వస్తాం. నిజాంపేటలో ఊళ్లోకి మాత్రమే. బాచుపల్లి చౌరస్తా దాకా రాలేం. 12 నుంచి 1:15 లోపు అందుతుంది.*

*వద్దనుకున్న రోజు ముందురోజు రాత్రి 8 లోపు చెబితే ఆ భోజనం మీ లెక్కలోనే ఉంటుంది. మొదట పాతికమందికే.*

చిన్న చందాలో పూటకు 115, పెద్దదాంట్లో 110 పడుతుంది. తేడా అయిదు రూపాయలే ఉంచడం మంచిది. మొదటి నెలలోనే ఇరవై ముప్పై తగ్గిస్తే కూరగాయల ధర పెరిగిన వారం చేతి డబ్బు పడుతుంది. అప్పుడు కూర పలచనవుతుంది, తినేవాళ్లు ఆ రోజే కనిపెట్టేస్తారు. రాత్రి ఎనిమిది గడువూ ఊరికే పెట్టింది కాదు. పప్పు, కూరగాయల కొలత చూసుకునేది అప్పుడే.

చివర్లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారి 14 అంకెల నంబరు వేయాలి. ఇంటి వంటగదిలో వండి అమ్మినా ఆ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి, అది చేతికొచ్చాకే ఈ పోస్టు పెట్టాలి.