బంకులో మంటకు ఫోన్ కాదు కారణం

పెట్రోల్ బంకులో ఫోన్ మోగితే మంట లేస్తుందని చాలామంది నమ్మకం. అమెరికాలో పెట్రోలియం ఎక్విప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ బంకు మంటల వివరాలు సేకరించి చూస్తే, ఫోన్ వల్లేనని తేలినది ఒక్కటీ లేదు. ఎక్కువగా కనిపించిన దోషి స్థిర విద్యుత్తు. అక్కడ ఎవరి పెట్రోలు వాళ్లే పోసుకుంటారు. నాజిల్ ట్యాంకులో పెట్టి, చలికి కారులో కూర్చుని, మళ్లీ దిగుతారు. బట్టలు సీటుకు రాసుకుని ఒంట్లో విద్యుత్తు చేరుతుంది. నాజిల్ తాకగానే చిటుక్కుమని రవ్వ, అక్కడే పెట్రోలు ఆవిరి! ముందే కారు రేకును ముట్టుకుంటే అది వదిలిపోతుంది. మంట లేచాక మాత్రం నాజిల్ లాగకూడదు. లాగితే పెట్రోలు చిమ్ముతుంది. దూరం జరిగి, పంపు ఆపించాలి.

మన దగ్గర బంకు కుర్రాళ్లే పోస్తారు కాబట్టి ఆ బెడద తక్కువ. బైకు ట్యాంకు పొర్లి వేడి ఇంజిన్ మీద పడటమే మన భయం. (ఫోన్ మాటల్లో ఉన్నవాడికి అది కనిపించదు, అందుకైనా జేబులో పెట్టాలి.) అప్పుడు కిక్కు కొట్టొద్దు, సెల్ఫ్ నొక్కొద్దు. బంకువాళ్లను పిలిచి, కారినచోట నీళ్లు కాకుండా ఇసుక చల్లించాలి. పెట్రోలు నీటిపై తేలి ఇంకా పాకుతుంది. బండిని దూరంగా నెట్టి, తడి ఆరి వాసన పోయాకే స్టార్ట్ చేయాలి.