యాప్ తీసేసినా ఆగని కోత: ఆటోపే అనుమతి ఎక్కడ ఉంటుంది?

మెట్టుగూడ నుంచి ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి ఉత్తరం రాశారు. పీడీఎఫ్‌లు సరిచేసే యాప్ ఒకటి, రెండు రూపాయలకే వారం రోజులు వాడి చూడమంటే ఆయన యూపీఐ పిన్ కొట్టారు. నచ్చక రెండు రోజులకే యాప్ తీసేశారు. వారం గడిచాక 499 రూపాయలు కోత పడింది, తర్వాతి నెలలో మరో 499. ‘యాప్ లేదు, నేను మళ్లీ పిన్ కొట్టలేదు. మరి డబ్బు ఎలా పోతోంది?’ అన్నది ఆయన ప్రశ్న. నేను ఎన్నాళ్లుగానో రాయాలనుకుంటున్న సంగతి ఇదే.

ఆ రోజు పిన్ కొట్టినప్పుడు రెండు రూపాయల చెల్లింపుతో పాటు ఒక మాండేట్ కూడా పుట్టింది. దానికి విడిగా ఒక నంబరు ఉంటుంది, దాన్నే యూఎంఎన్ అంటారు. ఎవరికి చెల్లించాలి, ఎంత వరకు చెల్లించవచ్చు, ఎన్నాళ్లకోసారి, ఏ తేదీ దాకా అన్న వివరాలు ఆ నంబరు కింద నమోదవుతాయి. ముఖ్యంగా గమనించాల్సింది, ఈ నమోదు ఉండేది మీ యూపీఐ యాప్, బ్యాంకు వ్యవస్థలో. ఆ పీడీఎఫ్ యాప్‌లో కాదు. గడువు రాగానే కంపెనీ తరఫు బ్యాంకు ఆ నంబరుతో అభ్యర్థన పంపుతుంది. మొత్తం పరిమితి లోపలే ఉందా, తేదీ సరిపోయిందా అని చూసి మీ బ్యాంకు డబ్బు ఇచ్చేస్తుంది. 15,000 రూపాయల లోపు మామూలు చందాలకు మళ్లీ పిన్ అడగదు. జీతంలోంచి సొసైటీ వాయిదా కోసుకోమని పే ఆఫీసుకు రాసిచ్చిన కాగితం లాంటిదన్నమాట. సొసైటీకి వెళ్లడం మానేసినంత మాత్రాన కోత ఆగదు.

ఖాతా ఖాళీ చేసినా మాండేట్ చావదు. 2025 ఆగస్టు నుంచి ఉన్న నిబంధన ప్రకారం ఒక చెల్లింపు విఫలమైతే మరో మూడుసార్ల దాకా ప్రయత్నించవచ్చు.

అసలు మోసం దాగేది మాండేట్ తెరమీదే. రెండు రూపాయలన్నది పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది, గరిష్ఠ మొత్తం 999 అని కింద చిన్నగా ఉంటుంది. ఆ పక్కన `Monthly` అని ఉంటే నెలకోసారి. `As presented` అని ఉంటే మాత్రం కంపెనీ ఎప్పుడు అడిగితే అప్పుడే, తేదీ నియమం లేదు. పిన్ కొట్టే ముందు చదవాల్సిన మాటల్లో దీన్ని మించింది లేదని నా అభిప్రాయం.

ఇంతకుముందు ఈపాటి అదుపు కూడా లేదు. కార్డు వివరాలు వ్యాపారి దగ్గరే ఉండేవి, ఆపాలంటే ఆయన్నే బతిమాలాలి. రిజర్వు బ్యాంకు 2019 ఆగస్టులో కార్డులకు ఈ-మాండేట్ నియమాలు తెచ్చింది, 2020 జనవరిలో వాటిని యూపీఐకీ వర్తింపజేసింది. బ్యాంకులూ కంపెనీలూ తాత్సారం చేశాయి. 2021 మార్చి ఆఖరుకు ముగియాల్సిన గడువును రిజర్వు బ్యాంకు తీవ్ర అసంతృప్తితోనే మరో ఆరు నెలలు పొడిగించింది. ఆ ఏడాది అక్టోబరు నుంచి గట్టిగా అమలైంది. అప్పుడు చాలా చందాలు ఒక్కసారిగా ఆగిపోతే, జనానికి ఇబ్బంది అంటూ నిబంధననే తప్పుపట్టినవాళ్లున్నారు. వాళ్లు పొరబడ్డారు. కోతకు కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకు కబురు రావాలన్న హక్కు ఆ నిబంధన ఇచ్చిందే. మెట్టుగూడ పాఠకుడికీ ఆ సందేశం వచ్చే ఉంటుంది, ప్రకటనల సందేశాల కుప్పలో కలిసిపోయి ఉంటుంది.

ఆపడం తేలికే. పిన్ కొట్టిన యూపీఐ యాప్‌లోనే `Autopay` లేదా `Mandates` అన్న చోటుకు వెళ్లి, ఆ కంపెనీ పేరు నొక్కి, `Revoke` లేదా `Cancel` ఎంచుకుని పిన్ కొట్టాలి. అక్కడ కనిపించకపోతే ఫోన్లోని మిగతా యూపీఐ యాప్‌లు చూడండి. రద్దయినట్టు చూపే తెరను ఫొటో తీసి దాచుకోండి. చందా ప్లే స్టోర్ ద్వారా కట్టినదైతే మాండేట్ గూగుల్ పేరు మీద ఉంటుంది. అప్పుడు ప్లే స్టోర్‌లోని `Subscriptions`లో కూడా రద్దు చేయాలి.

పోయిన డబ్బు సంగతి కష్టం. మాండేట్‌కు పిన్ కొట్టింది మీరే కాబట్టి ఇది అనధికార లావాదేవీ కాదంటుంది బ్యాంకు, ఆ మాట చాలావరకు నిజం. ప్లే స్టోర్ కొనుగోలైతే 48 గంటల్లోపు గూగుల్‌నే వాపసు అడగవచ్చు. ఆ గడువు దాటితే కంపెనీకి రాతపూర్వకంగా రాయాలి, తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పాలి. చేరడం తేలిక చేసి వదిలించుకోవడం కష్టం చేసే ‘సబ్‌స్క్రిప్షన్ ట్రాప్’ను కేంద్రం 2023 నవంబరులో తెచ్చిన మార్గదర్శకాలు నిషేధించిన సంగతి ఫిర్యాదులో రాయండి.

ముందస్తు కబురు రాకపోయినా, గరిష్ఠం దాటి కోసినా, రద్దు చేశాక కోసినా లెక్క మారుతుంది. అప్పుడు జవాబు చెప్పాల్సింది బ్యాంకు. ఆ లావాదేవీ మీదే యూపీఐ యాప్‌లో ఫిర్యాదు నమోదు చేసి, బ్యాంకుకూ రాయండి. మీ అనుమతే లేని కోతైతే మూడు పనిదినాల్లోపు తెలపడం చాలా ముఖ్యం. 30 రోజుల్లో బ్యాంకు నుంచి సరైన జవాబు రాకపోతే cms.rbi.org.in లో అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

మెట్టుగూడ పాఠకుడి రెండు 499లూ మాండేట్ హద్దుల్లోనే పడ్డాయి. కాబట్టి ఆయన ముందుగా చేయాల్సింది మాండేట్ రద్దు, ఆ తర్వాత కంపెనీకి ఉత్తరం, ఆపైన 1915.